నాలుక పక్కన నెల రోజుల పుండు: పన్ను గీసుకుంటోంది కదా అని ఆగవచ్చా?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది విశాఖపట్నం, గాజువాక. మా అమ్మకి 58 ఏళ్లు. నాలుక ఎడమ పక్కన, బాగా లోపలికి, పుండు లేచి నెల కావస్తోంది. నొప్పి పెద్దగా లేదు, కారం తగిలితేనే మంట. అక్కడే ఒక దవడ పన్ను విరిగి మొనదేరి ఉంది. అది గీసుకుంటోందని మందుల షాపులో బీ-కాంప్లెక్స్, పూసుకునే జెల్ ఇచ్చారు. అమ్మకి ఏ అలవాటూ లేదు. బీపీకీ గుండెకీ మాత్రలు వాడుతోంది. ఇంకో పది రోజులు చూడొచ్చా? ముక్క తీస్తే ముదిరిపోతుందని ఇంట్లో భయపడుతున్నారు.

జవాబు:

ఇంకో పది రోజులు ఆగొద్దండి. ఈ వారంలోనే చూపించండి. మీ అమ్మగారిది కేన్సరే అని నేను అనడం లేదు. విరిగిన పన్ను దగ్గర లేచిన పుండ్లలో చాలామటుకు ఆ పన్ను సంగతి చూడగానే మానిపోయేవే. కానీ మీ అమ్మగారి పుండు ఏ రకందో తేల్చే పని ఈ నెల రోజుల్లో ఒక్కటీ జరగలేదు. పన్ను మొన అలాగే ఉంది. పుండుని వేలితో తడిమి చూసినవాళ్లు లేరు. బీ-కాంప్లెక్స్ మంచి మందే, కాకపోతే అది పన్నునీ నున్నగా చేయదు, పుండు ఏమిటో కూడా చెప్పదు.

నోట్లో పుండు మూడు వారాలకి మానకపోతే చూపించి తీరాలి. ఆ లెక్క ఎక్కడిదో ముందు చెప్తాను. నోటి లోపలి పొర చాలా తొందరగా పాతది రాలి కొత్తది వస్తుంది. పొరపాటున కొరుక్కున్నా, వేడి టీకి కాలినా, మామూలు పూత లేచినా పది పద్నాలుగు రోజుల్లో మూసుకుపోతుంది. దానికి ఇంకో వారం కలిపి ఇచ్చిన గడువు మూడు వారాలు. అప్పటికీ మానకపోతే ముఖ్యంగా రెండు కారణాలు. ఏదో ఒకటి రోజూ దాన్ని రేపుతూ ఉండాలి, లేదా ఆ పుండు మానే రకం కాదు. ఈ లెక్క పుండు కనబడ్డ మొదటి రోజు నుంచి వేయాలి. చాలామంది డాక్టరు దగ్గరకి వచ్చిన రోజు నుంచి మళ్లీ మొదలుపెట్టి "మందు వాడి వారమే కదండీ అయింది" అంటారు. మీ అమ్మగారి గడువు ఎప్పుడో దాటిపోయింది.

ఇక్కడ ఒక తేడా కూడా చూసుకోవాలి. "నెల నుంచి నోట్లో పూత" అని వచ్చేవాళ్లలో సగం మందికి నిజానికి ఒకే పుండు ఉండదు. పెదవి లోపల ఒకటి మానుతుంది, బుగ్గ లోపల ఇంకోటి లేస్తుంది. అలా చోటు మారుతూ, చిన్న వయసు నుంచీ ఏడాదికి నాలుగైదు సార్లు వచ్చే పూత వేరు. అది బాగా నొప్పి పెడుతుంది, తిననివ్వదు, అయినా దానంతట అదే పోతుంది. ఆ రకంలోనే పెద్దగా లేచే పూత ఒక్కోసారి నెలకి పైగా కూడా ఉంటుంది కానీ, వాళ్లకి ముందు నుంచీ ఆ చరిత్ర ఉంటుంది. ఎప్పుడూ పూత ఎరగని మనిషికి యాభై దాటాక ఒక్క పుండు లేచి, ఒకే చోట కదలకుండా కూర్చుంటే దాన్ని పూత లెక్కలో వేయకూడదు. వంట్లో వేడి చేసిందని సబ్జా గింజలతో, కొబ్బరినీళ్లతో సరిపెట్టడమూ కుదరదు.

నొప్పి లేదు కాబట్టి పెద్దదేం కాదనుకుంటారు. నోటి విషయంలో అది సరిగ్గా తిరగబడుతుంది. గోరంత పూత ప్రాణం తోడేస్తుంది. కేన్సర్ పుండు మొదట్లో చాలామందిని బాధించదు. నొప్పి మొదలై, అది అదే వైపు చెవిలోకి పొడుస్తోందంటే అప్పటికే కాస్త లోతుకి వెళ్లి ఉండొచ్చు. నాలుకకీ చెవి దగ్గరకీ వెళ్లే నరాలు ఒకే పెద్ద నరం కొమ్మలు కావడం వల్ల అలా తెలుస్తుంది. అమ్మగారిని ఎడమ చెవిలో పోటు ఉందేమో ఒకసారి అడగండి. చెవికి చుక్కలు వేసుకుంటూ ఆ సంగతి ఈ పుండుతో కలిపి చెప్పనివాళ్లని చాలామందిని చూశాను.

అసలు విషయం ఆ పన్ను. నాలుక పక్కన పుండు, దాని ఎదురుగా మొనదేరిన పన్ను. చూసిన ఎవరికైనా కారణం దొరికిపోయినట్టే అనిపిస్తుంది. మందుల షాపు అతనికే కాదు, డాక్టర్లకీ అలాగే అనిపిస్తుంది. కానీ నాలుక అంచున కేన్సర్ లేచినా అక్కడ కండ ఉబ్బుతుంది, ఉబ్బింది పంటి మీదికి వస్తుంది, పన్ను దాన్ని గీరుతుంది. అంటే పన్ను గీసుకోవడం వల్ల పుండు పడి ఉండొచ్చు, పుండు ఉబ్బడం వల్ల పన్ను గీసుకుంటూ ఉండొచ్చు. పైకి రెండూ ఒకేలా కనబడతాయి. అందుకని పన్ను కనబడింది కదా అని అనుమానం వదిలేయకూడదు. ఆ పన్ను మొనని అరగదీసి నున్నగా చేయాలి, మరీ పాడైతే తీసేయాలి, తరవాత పుండు ఏం చేస్తుందో కొలిచి చూడాలి. పన్నే కారణమైతే నాలుగైదు రోజుల్లో పుండు అంచులు దగ్గరకి రావడం మొదలవుతుంది, రెండు వారాల్లో దాదాపు మూసుకుంటుంది. రెండు వారాలకీ మూసుకోకపోతే ముక్క పరీక్ష చేయాల్సిందే, ఇంకో గడువు ఉండదు.

అయితే ఆ రెండు వారాలు కూడా అందరికీ ఇవ్వం. చేయి పెట్టి చూసినప్పుడు పుండు మెత్తగా, అంచులు పల్చగా, మధ్యలో పసుపుపచ్చ పొరతో, చుట్టూ ఎర్రగా ఉంటే ఇస్తాం. గట్టిగా ఉంటే పన్ను నున్నన చేసిన రోజే ముక్క కూడా తీస్తాం.

ఆ గట్టిదనం మీరూ కొంత గమనించవచ్చు. సబ్బుతో చేతులు కడుక్కోండి. అమ్మగారిని వెలుతురులో కూర్చోబెట్టి నాలుక బయట పెట్టమనండి. శుభ్రమైన పొడి గుడ్డతో నాలుక కొనని పట్టుకుని కుడి వైపుకి మెల్లిగా లాగితే ఎడమ అంచు వెనక దాకా కనబడుతుంది. ఊరికే నోరు తెరిపిస్తే ఆ చోటు అసలు కనబడదు. ఫోన్ టార్చితో చూసి, ఒక ఫోటో తీసి తేదీ రాసి పెట్టుకోండి. తరవాత చూపుడు వేలితో పుండునీ దాని చుట్టునీ నొక్కి చూడండి. మామూలు నాలుక పెదవిలా మెత్తగా ఉంటుంది. అనుమానించాల్సిన పుండు అడుగు ముక్కు కొనలా గట్టిగా తగులుతుంది, ఆ గట్టిదనం కంటికి కనబడే అంచు దాటి లోపలికీ పక్కకీ పోతుంది. కంటి కన్నా వేలే ఎక్కువ చెప్పే చోటు ఇది. అంచు గట్టులా పైకి లేచి బయటికి ఒరిగినట్టున్నా, తాకితే రక్తం చెమర్చినా, పక్కన తుడిస్తే పోని తెల్లమచ్చో మఖమల్ లాంటి ఎర్రమచ్చో ఉన్నా అనుమానం పెరుగుతుంది. దవడ కింద, మెడ పక్కన బిళ్లలు కట్టాయేమో కూడా తడమండి. అయితే మీ వేలికి మెత్తగా తగిలిందని వెళ్లడం మానకండి. ఇది డాక్టరుకి వివరం చెప్పడానికే.

అచ్చం ఇలాంటి ఒక కేసు చెప్తాను. యాభై దాటిన ఒకావిడ, ఇంటి పని తప్ప వేరే పని లేదు, పొగాకు ముట్టలేదు. ఎడమ నాలుక అంచున పుండు, ఎదురుగా కింది రెండో దవడ పన్ను లోపలి వైపు విరిగి ఉంది. ఐదు వారాలు ఇంట్లో గడిచిపోయాయి. మొదట తేనె, తరవాత బీ-కాంప్లెక్స్, తరవాత తిమ్మిరెక్కించే జెల్, చివరికి స్టెరాయిడ్ పేస్టు. ఆ పేస్టు రాశాక నాలుగు రోజులు మంట తగ్గింది. దాంతో మానిపోతోందనుకుని ఇంకో వారం ఆగారు. తగ్గింది పుండు కాదు, చుట్టూ ఉన్న వాపు, మంట. అందుకే ఏమిటో తేలని పుండు మీద ఈ పేస్టు రాయడం నాకు ఇష్టం ఉండదు.

చూసినప్పుడు పుండు 14 మిల్లీమీటర్ల పొడవు, 9 వెడల్పు. ముందు వైపు అంచు పల్చగానే ఉంది, ఏ పంటి పుండో అనిపించేలా. వెనక అంచు మాత్రం లేచి ఉంది, వేలికి గట్టిగా తగిలింది. ఆ గట్టిదనం పుండు అంచు దాటి ఇంకో అర సెంటీమీటరు లోపలికి ఉంది. మెడలో బిళ్లలేమీ లేవు. ఆ రోజే పన్ను మొన అరగదీసి, వెనక అంచు నుంచి ముక్క తీశాం. వారానికి రిపోర్టు వచ్చింది. స్క్వామస్ సెల్ కార్సినోమా, అంటే నోటి పొరలో పుట్టే కేన్సర్. ఎంఆర్‌ఐలో లోతు సుమారు 6 మిల్లీమీటర్లు. నాలుక కేన్సర్‌లో పైకి కనబడే వెడల్పు ఒక్కటే చూడరు, ఈ లోతు కూడా చూస్తారు. రెండు సెంటీమీటర్ల లోపు ఉన్న పుండైనా లోతు 5 మిల్లీమీటర్లు దాటితే మొదటి దశ నుంచి రెండో దశకి వెళ్లినట్టే.

ఆపరేషన్‌లో పుండు చుట్టూ సెంటీమీటరుకి పైగా మంచి కండ కలిపి తీశారు, మెడలో అదే వైపు గ్రంథులూ తీశారు. మెడలో ఏమీ లేనప్పుడు అక్కడ కోత ఎందుకని ఆవిడ కొడుకు గట్టిగానే అడిగాడు, అడగాల్సిన ప్రశ్నే. ముంబయి టాటా మెమోరియల్ వాళ్లు 2015లో ప్రచురించిన పరిశోధన దీనికి సమాధానం. తొలిదశ నోటి కేన్సర్‌లో మెడ గ్రంథులు మొదటి ఆపరేషన్‌తోనే తీసినవాళ్లలో మూడేళ్ల తరవాత వందకి 80 మంది బతికున్నారు. బిళ్ల కనబడ్డాకే మెడకి ఆపరేషన్ చేసినవాళ్లలో 67.5. ఆవిడకీ తీసిన గ్రంథుల్లో ఒకదానిలో మైక్రోస్కోపు కింద కేన్సర్ కణాలు కనబడ్డాయి, బయట నుంచి ఏ వేలికీ తెలియనంత చిన్నగా. దానివల్ల తరవాత ఆరు వారాలు రేడియేషన్ ఇచ్చారు. ఆ విరిగిన పన్నునీ, పాడైన ఇంకో పన్నునీ రేడియేషన్‌కి ముందే తీసేశాం, ఎందుకంటే తరవాత ఆ దవడలో పన్ను తీస్తే ఎముక మానడం కష్టం. ఆవిడ ఇప్పుడు మామూలుగా తింటారు. కొన్ని మాటలు కాస్త ముద్దగా వస్తాయి. ఐదు వారాల బదులు మూడు వారాలకే వచ్చి ఉంటే ఆ గ్రంథికి పాకేది కాదని నేను చెప్పలేను. ఇంకో రెండు నెలలు ఆగి ఉంటే మాత్రం నాలుకలో ఇంకా పెద్ద భాగం పోయేది.

మీ అమ్మగారికి ఏ అలవాటూ లేదన్నారు. నోటి కేన్సర్ వచ్చేవాళ్లలో ఎక్కువమంది గుట్కా, ఖైనీ, జర్దా, చుట్ట, మందు ఉన్నవాళ్లే, అది నిజం. కానీ నాలుక అంచు కేన్సర్ ఏ అలవాటూ లేనివాళ్లకీ వస్తుంది, పైన చెప్పినావిడలాగే. ఇంకో మాట. మన ఉత్తరాంధ్రలో పెద్ద వయసు ఆడవాళ్లని "అలవాటు ఉందా" అని అడిగితే ఇప్పుడున్నది మాత్రమే చెప్తారు. "చిన్నప్పుడు చుట్ట కాల్చారా, అడ్డపొగ పట్టారా, నల్లపొడితో పళ్లు తోమారా" అని విడివిడిగా అడిగితే అప్పుడు ఔనంటారు. మానేసి ఇరవై ఏళ్లయితే అది లెక్కలోకి రాదని వాళ్ల ఉద్దేశం. అడ్డపొగ అంటే నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని కాల్చడం. 1971లో అచ్చయిన ఒక పరిశోధనకి శ్రీకాకుళం వైపు పల్లెల్లో 10,169 మంది నోళ్లు చూశారు, ఈ అలవాటు అంగిలిని ఏం చేస్తుందో తెలుసుకోడానికి. వేడీ పొగా నేరుగా తగిలేది అక్కడే కాబట్టి మచ్చలూ పుండ్లూ అంగిలి మీదే లేస్తాయి. మామూలుగా కేన్సర్ అరుదుగా వచ్చే ఆ చోట ఈ అలవాటు ఉన్నవాళ్లకి వస్తుంది. అమ్మమ్మలు, మేనత్తలు ఎవరైనా ఇంట్లో ఉంటే కట్టుడు పళ్లు తీయించి అంగిలి కూడా ఓసారి చూడండి. సెట్టు కింద దాక్కున్న పుండు సెట్టు గుచ్చుకుంటోందనే పేరుతో నెలలు గడిచిపోతుంది.

గుండె మాత్రల సంగతి. ఆ చీటీ తప్పకుండా పట్టుకెళ్లండి. ఛాతీ నొప్పికి ఇచ్చే నికొరాండిల్ అనే మందు కొందరికి నాలుక మీద, బుగ్గల్లో లోతైన మొండి పుండు తెప్పిస్తుంది. ఆ మందు ఆపితేనే అది మానుతుంది. కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్ కూడా నోరు పూయిస్తుంది, ముఖ్యంగా వారానికి ఒకసారి వేసుకోవాల్సింది తెలియక రోజూ వేసుకుంటే. అది వెంటనే ఆ మందు రాసిన డాక్టరుకి చెప్పాల్సిన విషయం. మీ అమ్మగారి చీటీలో నికొరాండిల్ ఉంటే గుండె డాక్టరుతో మాట్లాడాకే మార్చాలి, మీరు ఆపేయకండి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఉన్నా అంతే. నోట్లో చిన్న ముక్క తీయడానికి మామూలుగా వాటిని ఆపాల్సిన పని ఉండదు. గుడ్డతో నొక్కిపట్టి, ఒకటో రెండో కుట్లు వేస్తే రక్తం ఆగుతుంది. వార్ఫరిన్ లాంటిది వాడుతుంటే ముందు ఒక రక్తపరీక్ష చూసుకుంటారు.

ముక్క తీస్తే ముదురుతుందనే భయం గురించి ఇంట్లోవాళ్లకి ఇలా చెప్పండి. ముక్క తీసినందువల్ల నోటి కేన్సర్ ముదరదు. ఈ నమ్మకం ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. ఆర్నెల్లు ఆగి, ముదిరాక వచ్చినవాళ్లకి ముక్క తీస్తారు, రిపోర్టులో కేన్సర్ అని వస్తుంది, కొన్ని నెలల్లో మనిషి పోతారు. చూసినవాళ్లకి ముక్క తీయడమే గుర్తుండిపోతుంది. పని మాత్రం చిన్నది. పన్ను తీసేటప్పుడు ఇచ్చే మత్తు ఇంజెక్షనే ఇస్తారు. పుండు అంచు దగ్గర, కొంచెం మంచి కండ కూడా వచ్చేలా, అర సెంటీమీటరు పొడవున కాస్త లోతుగా తీస్తారు. పావుగంట పని. రెండు మూడు రోజులు చల్లని మెత్తని తిండి, పెరుగన్నం లాంటిది. తీసిన ముక్కని ఫార్మలిన్‌లో వేసి ల్యాబుకి పంపుతారు, రిపోర్టుకి సుమారు వారం. ఒక్క జాగ్రత్త అడగండి. అనుమానం గట్టిగా ఉన్న పుండుని "మొత్తం కోసేసి పంపిద్దాం" అంటే ఒప్పుకోకండి. కేన్సర్ అని తేలితే అసలు హద్దు ఎక్కడుందో తరవాత ఆపరేషన్ చేసేవాళ్లకి తెలియకుండా పోతుంది. బ్రష్‌తో గీకి చేసే పరీక్షలో ఏమీ లేదని వచ్చినా దాంతో ఆగకూడదు, అది పైపొర కణాలనే చూస్తుంది.

ఎక్కడికి వెళ్లాలంటే, ఏ ఓరల్ సర్జన్ అయినా ఈఎన్‌టీ డాక్టరు అయినా చూడగలరు. ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో దంత విభాగం ఉంది, విశాఖలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి కూడా ఉంది. మీకు ఇంకా దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి. వేలికి గట్టిగా తగిలినా, మెడలో బిళ్ల ఉన్నా నేరుగా అక్కడికే వెళ్లడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే తేలాక వైద్యం చేసేవాళ్లే ముందుగా పుండుని చూసి కొలిచి రాసుకున్నట్టవుతుంది. ఆధార్, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్న ఆరోగ్యశ్రీ కార్డు, మందుల చీటీ, మీరు తీసిన ఫోటో పట్టుకెళ్లండి. అప్పటిదాకా జెల్, పేస్టు ఆపేయండి. గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలిస్తే చాలు.

రిపోర్టు వచ్చాక ఒక్క వాక్యం చూసి నిర్ణయించుకోకండి. "డిస్‌ప్లాసియా" అని ఉంటే కేన్సర్ కాదు, కానీ కణాలు దారి తప్పుతున్నాయని అర్థం. దాన్ని వదిలేయకూడదు. "నెక్రోటిక్ టిష్యూ" అనో "ఇన్ఎడిక్వేట్" అనో వస్తే పుండు మధ్యలోని చచ్చిన కండ వెళ్లిందని, మళ్లీ తీయాలని. "క్రానిక్ నాన్ స్పెసిఫిక్ అల్సర్, మాలిగ్నన్సీ లేదు" అని వస్తే మంచి మాటే, పన్ను నున్నన చేశాక పుండు రెండు వారాల్లో మూసుకుంటే ఇక దిగులు అక్కర్లేదు. అదే రిపోర్టు చేతిలో ఉండి, పన్నూ సరిచేసి, మూడో వారానికీ పుండు అలాగే గట్టిగా ఉంటే, కాగితాన్ని నమ్మకుండా పుండుని నమ్మాలి. వెనక్కి వెళ్లి రెండోసారి, ఇంకొంచెం లోతుగా, వేరే అంచు నుంచి ముక్క తీయమని అడగండి. డాక్టర్లు దాన్ని తప్పుపట్టరు. అనుమానం ఉన్నచోట రెండోసారి తీయడం మాకు మామూలే.